కాలరీలు తగ్గాయి సరే, కాల్షియం ఎక్కడికి పోయింది?

డైట్ మొదలుపెట్టిన వాళ్ళెవరి ఫోన్ చూసినా అందులో ఒక కాలరీ యాప్ ఉంటుంది. పొద్దున తిన్నది, మధ్యాహ్నం తిన్నది ఎక్కిస్తే సాయంత్రానికి నాలుగు అంకెలు చూపిస్తుంది: కాలరీలు, ప్రొటీన్, కార్బ్స్, ఫ్యాట్. ఆ నాలుగూ పచ్చరంగులో ఉంటే ఆ రోజు పాసైనట్టే. కానీ ఒంటికి రోజూ కావాల్సిన వాటిల్లో కొన్ని ఆ స్క్రీన్ మీద అసలు కనిపించవు. కాల్షియం, విటమిన్ డీ, అయోడిన్, జింక్ అలాంటివే. రెండు వారాల డైట్ లో ఇవి తగ్గినా పెద్దగా ఏమీ కాదు. ఆరు నెలలు, ఏడాది సాగే డైట్ లోనే వీటితో చిక్కు. (ఐరన్, బీ12 కూడా తగ్గుతాయి, కానీ వాటి కథ వేరు, ఇంకో వ్యాసం అవుతుంది.)

లెక్క ఒకటి చేసి చూద్దాం. మా హాస్టల్ లో ఒక సీనియర్ నాలుగు నెలలుగా డైట్ చేస్తున్నాడు. ఏం తింటున్నాడో రోజూ రాసి పెట్టుకున్నాడు కాబట్టి, అడిగి ఆ లిస్టు తీసుకున్నాను. పేరు వేయొద్దన్నాడు, వేయడం లేదు.

పొద్దున నలభై గ్రాముల ఓట్స్ నీళ్ళల్లో ఉడికించి, ఒక యాపిల్. మధ్యాహ్నం రెండు పుల్కాలు, ఒక కప్పు పప్పు, కీరా ముక్కలు. సాయంత్రం గ్రీన్ టీ. రాత్రి మళ్ళీ రెండు పుల్కాలు, ఉడికించిన బీన్స్, క్యారెట్, మూడు గుడ్ల తెల్లసొన. పాలు, పెరుగు "ఫ్యాట్" అని మానేశాడు. పచ్చసొన "కొలెస్ట్రాల్" అని పక్కన పెట్టేశాడు. మామూలు ఉప్పు మానేసి గులాబీ రంగు హిమాలయన్ ఉప్పు కొనుక్కున్నాడు. మొత్తం రోజుకి వెయ్యి కాలరీలకు కాస్త తక్కువ. యాప్ ప్రకారం అంతా పచ్చగానే ఉంది.

కాల్షియం: రక్తం చెప్పని అబద్ధం

మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పై మెనూలో ఎంత ఉందో ఒక్కొక్కటీ కూడుదాం. ఓట్స్ లో ఓ 20, యాపిల్ లో 10, నాలుగు పుల్కాల పిండిలో 40, పప్పులో 20, కీరాలో 15, కూరగాయల్లో 60, తెల్లసొనలో ఏడో ఎనిమిదో. మొత్తం 175 దగ్గర ఆగుతుంది. అంటే కావాల్సిన దానిలో ఐదో వంతు కూడా లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అతను తిండిని సుమారు సగానికి తగ్గించాడు, కానీ కాల్షియం సగానికి తగ్గలేదు, అంతకంటే చాలా ఎక్కువ పడిపోయింది. ఎందుకంటే మన తిండిలో కాల్షియం అన్నిట్లో సమానంగా పరుచుకుని ఉండదు, రెండు మూడు చోట్ల కుప్పగా ఉంటుంది. పాలు, పెరుగు, రాగులు, తోటకూర లాంటి ఆకుకూరలు, నువ్వులు, ముళ్ళతో తినే చిన్న చేపలు. ఆ రెండు మూడు కుప్పల్ని "ఫ్యాట్" అనో "బోర్" అనో తీసేస్తే మిగతావి ఎంత తిన్నా లోటు పూడదు.

మరి నాలుగు నెలలుగా ఇలా తింటుంటే అతనికి ఏమీ తెలియలేదేం? రక్తంలో కాల్షియం స్థాయిని శరీరం చాలా కచ్చితంగా కాపాడుకుంటుంది కాబట్టి. గుండె కొట్టుకోవాలన్నా, కండరం ముడుచుకోవాలన్నా ఆ స్థాయి కదలకూడదు. అది కొంచెం తగ్గగానే మెడలో థైరాయిడ్ వెనక ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ వదులుతాయి. ఆ హార్మోన్ వెళ్ళి ఎముకల్లోంచి కాల్షియం తీసి రక్తంలోకి పంపిస్తుంది. మన ఒంట్లో కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్ళల్లోనే ఉంటుంది. అంత పెద్ద నిల్వ ఉన్నప్పుడు రోజూ కాస్త తీసినా ఎవరికీ తెలియదు. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టి నెల ఖర్చులు గడుపుకున్నట్టు. పర్సులో మాత్రం ఎప్పుడూ డబ్బులు ఉన్నట్టే కనిపిస్తుంది.

అందుకే "సీరమ్ కాల్షియం" టెస్ట్ చేయించుకుని నార్మల్ వచ్చింది కదా అని ఊరుకుంటే లాభం లేదు. ఆ టెస్ట్ చూసేది పర్సునే, డిపాజిట్ ని కాదు.

మన వయసులో దీనికి ఇంకో కోణం ఉంది. ఎముకల్లో ఖనిజం గట్టిపడే పని ఇరవైల చివరిదాకా సాగుతుంది. ఆ తర్వాత అదే గరిష్ఠం, ఇక ఉన్నది కాపాడుకోవడమే. అంటే పంతొమ్మిదేళ్ళప్పుడు ఏడాదిపాటు డిపాజిట్ వేయకపోగా తీసుకుంటూ పోతే ఆ లెక్క యాభై ఏళ్ళ తర్వాత తుంటి ఎముక దగ్గర తేలొచ్చు. అమ్మాయిల విషయంలో ఇది ఇంకా త్వరగా మొదలవుతుంది. తిండి బాగా తగ్గితే కొందరికి నెలసరి ఆగిపోతుంది. అంటే ఎముకల్ని కాపాడే ఈస్ట్రోజెన్ పడిపోయిందని అర్థం. మూడు నెలలు రాకపోతే "డైట్ వల్లేలే" అని వదిలేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. అప్పుడు కాల్షియం మాత్రలు ఒక్కటే సరిపోవు, తిండే పెంచాలి.

విటమిన్ డీ: ప్లేట్ కంటే కిటికీ ముఖ్యం

తిన్న కాల్షియం పేగుల్లోంచి ఒంటికి పట్టాలంటే విటమిన్ డీ ఉండాలి. అది తక్కువైతే వెయ్యి మిల్లీగ్రాములు తిన్నా చాలా భాగం బయటికే పోతుంది.

నిజానికి డీ లోటుకి డైట్ ఒక్కటే కారణం కాదు. మామూలు తిండిలో కూడా ఇది తక్కువే. రోజుకి 600 యూనిట్లు కావాలంటే, ఒక గుడ్డులో ఉండేది సుమారు 40, అదీ పచ్చసొనలో మాత్రమే. కొవ్వున్న చేపల్లో బాగానే ఉంటుంది, ఫోర్టిఫైడ్ పాలల్లో కొంత కలుపుతారు. మన సీనియర్ మెనూలో ఈ మూడూ లేవు కాబట్టి తిండి నుంచి వచ్చేది సున్నా.

మిగిలింది ఎండ. చర్మం మీద అతినీలలోహిత కిరణాల్లో బీ రకం పడినప్పుడు చర్మం కిందే డీ తయారవుతుంది. మనం ఉన్న అక్షాంశంలో ఆ కిరణాలకి ఏడాది పొడవునా కొరత లేదు. అయినా మనకి ఎందుకు తక్కువ ఉంటుందంటే, ఆ కిరణాలు బలంగా ఉండేది పదకొండు నుంచి రెండు మధ్య. అప్పుడు మనం ల్యాబ్ లో ఉంటాం. పొద్దున ఆరింటికి వాకింగ్ చేస్తే ఆరోగ్యానికి మంచిదే కానీ డీ దాదాపు రాదు, సూర్యుడు అంత వాలుగా ఉన్నప్పుడు ఆ కిరణాలు గాలిలోనే ఆగిపోతాయి. కిటికీ పక్కన కూర్చుంటే వస్తుందా అంటే అదీ లేదు, అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. పైగా మన చర్మంలోని మెలనిన్ వాటిని అడ్డుకుంటుంది కాబట్టి తెల్ల చర్మం వాళ్ళకంటే మనకి ఎక్కువసేపు కావాలి. ఒక చిన్న లెక్క గుర్తుంటే చాలు: మీ నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడు పడే ఎండే పనికొచ్చే ఎండ.

దీనికి మంచి టెస్ట్ ఉంది. పేరు 25 హైడ్రాక్సీ విటమిన్ డీ. మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల కంటే తక్కువ వస్తే సాధారణంగా లోటు కింద లెక్కేస్తారు.

అయోడిన్: గులాబీ ఉప్పుతో వచ్చిన తంటా

ఈ నాలుగింట్లో నాకు బాగా ఆశ్చర్యం వేసింది ఇదే. ఎందుకంటే ఇక్కడ తిండి తగ్గించడం కంటే ఉప్పు మార్చడం ఎక్కువ దెబ్బ తీస్తుంది.

థైరాయిడ్ హార్మోన్ తయారీకి అయోడిన్ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి 150 మైక్రోగ్రాములు. గ్రాములో పదిలక్షల వంతుని మైక్రోగ్రాము అంటారు, అంటే ఇది కంటికి కనిపించనంత తక్కువ. కానీ మన నేలల్లో చాలాచోట్ల అయోడిన్ తక్కువ కాబట్టి ఆ కొంచెం కూడా పంటల్లోంచి నమ్మకంగా రాదు. అందుకే ప్రభుత్వం ఉప్పులో కలిపిస్తుంది. దుకాణంలో కొనే అయోడైజ్డ్ ఉప్పులో కనీసం 15 పీపీఎం ఉండాలి, అంటే గ్రాము ఉప్పులో 15 మైక్రోగ్రాములు.

రోజుకి ఐదు గ్రాముల ఉప్పు తింటే కనీస లెక్కన 75 మైక్రోగ్రాములు వస్తాయి. ప్యాకెట్ లో 30 పీపీఎం ఉంటే 150. వంటలో కొంత పోతుంది, మిగతాది పాలు, గుడ్లు, సముద్రపు చేపలు పూడుస్తాయి. ఇది మామూలు ఇంటి పరిస్థితి.

ఇప్పుడు మన సీనియర్ పరిస్థితి చూడండి. గులాబీ ఉప్పులో సహజంగా ఉండే అయోడిన్ లెక్కలోకి రానంత తక్కువ. రంగు ఐరన్ వల్ల వచ్చింది, అయోడిన్ కి దానితో సంబంధం లేదు. పాలు లేవు. పచ్చసొన లేదు. (గుడ్డులోని అయోడిన్ దాదాపు అంతా పచ్చసొనలోనే, ఒక్కో గుడ్డులో సుమారు 25 మైక్రోగ్రాములు.) చేప తినడు. అంటే అయోడిన్ వచ్చే దారులన్నీ ఒక్కసారే మూసేశాడు. అదీ ఒక్కొక్కటీ ఆరోగ్యం కోసమే.

ఇది కూడా వెంటనే బయటపడదు. థైరాయిడ్ గ్రంథి కొన్ని నెలలకి సరిపడా అయోడిన్ నిల్వ పెట్టుకుంటుంది. ఆ నిల్వ కరిగాక మెదడు కింద ఉండే పిట్యూటరీ, టీఎస్‌హెచ్ పెంచి థైరాయిడ్ ని ఇంకా పని చేయమని ఒత్తిడి చేస్తుంది. గ్రంథి ఉబ్బుతుంది, దాన్నే గాయిటర్ అంటారు. నీరసం, చలి, మలబద్ధకం, పొడి చర్మం వస్తాయి. బరువు తగ్గడం ఆగిపోతుంది.

తమాషా ఏంటంటే, తిండి బాగా తగ్గిస్తే అయోడిన్ ఉన్నా సరే నీరసం, చలి వస్తాయి. శరీరం శక్తి పొదుపు చేయడానికి టీ3 అనే చురుకైన హార్మోన్ ని తగ్గించేస్తుంది. కాబట్టి చలేస్తోంది అంటే అయోడిన్ లేదనే అనుకోవద్దు. టీఎస్‌హెచ్ టెస్ట్ చూస్తే తేడా కొంత తెలుస్తుంది: అయోడిన్ లోటులో అది పెరగొచ్చు, డైట్ వల్ల వచ్చిన మార్పులో సాధారణంగా పెరగదు. ఆ రిపోర్ట్ చదవాల్సింది మాత్రం డాక్టరే.

ఉప్పు తక్కువ తినమని చెప్పేది నిజమే, మంచిదే. అయితే తినే ఆ కొంచెం అయోడైజ్డ్ అయి ఉండాలి. ప్యాకెట్ మీద నవ్వుతున్న సూర్యుడి గుర్తు ఉందో లేదో చూసుకుంటే చాలు.

జింక్: ఉన్నా అందదు

1958లో ఇరాన్ లోని షిరాజ్ కి బీహార్ నుంచి అమెరికా వెళ్ళిన ఆనంద ప్రసాద్ అనే డాక్టర్ చేరాడు. అక్కడ ఆయన దగ్గరికి ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడు వచ్చాడు. చూస్తే పదేళ్ళ పిల్లాడిలా ఉన్నాడు. పాలు, మాంసం లేకుండా దాదాపు రొట్టెలే తిని పెరిగాడు. ప్రసాద్ కి జింక్ లోటు ఏమోనని అనుమానం వచ్చింది. అప్పటిదాకా మనుషుల్లో జింక్ లోటు రాదనే అందరి నమ్మకం. 1961లో షిరాజ్ కేసుల్ని ప్రచురించి, తర్వాత ఈజిప్ట్ లో ఇలాంటి కుర్రాళ్ళ మీద చేసిన పనితో 1963 నాటికి జింక్ లోటుని చూపించాడు.

అసలు ప్రశ్న ఏంటంటే, గోధుమల్లో జింక్ ఉంటుంది కదా, మరి రొట్టెలు తిన్నవాడికి ఎందుకు అందలేదు? గింజల పైపొరల్లో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. అది జింక్ ని గట్టిగా పట్టుకుని పేగుల్లోంచి దాటిపోతుంది. పిండి పులిస్తే ఆ ఫైటేట్ విరిగిపోతుంది. షిరాజ్ రొట్టె పులియనిది.

మన పుల్కా కూడా పులియనిదే. ఓట్స్, పప్పు లో కూడా ఫైటేట్ ఉంటుంది. అందుకే మన దేశానికి వేసిన లెక్క ఎక్కువ: మగవాళ్ళకి 17, ఆడవాళ్ళకి 13.2 మిల్లీగ్రాములు. అమెరికాలో అవే 11, 8. మన సీనియర్ మెనూలో కూడితే 6 దగ్గర ఉంది. అందులో సగానికి పైగా పుల్కాల్లోదే.

కాల్షియంకి ఎముకలున్నట్టు, అయోడిన్ కి థైరాయిడ్ ఉన్నట్టు జింక్ కి చెప్పుకోదగ్గ నిల్వ లేదు. కాబట్టి ఇది ముందు బయటపడే అవకాశం ఉంది. రుచి తెలియకపోవడం, దెబ్బ మానడానికి ఎక్కువ రోజులు పట్టడం, నోటి మూలల్లో పగుళ్ళు, తరచూ జలుబు. జుట్టు ఊడటం కూడా ఈ లిస్టులో ఉంది కానీ అది ఒక్కటే చూసి జింక్ అని తేల్చకూడదు. ఒక్కసారిగా తిండి తగ్గించినా రెండు మూడు నెలల తర్వాత జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. దీనికి రక్త పరీక్ష కూడా అంత నమ్మకమైనది కాదు, లోటు ముదిరేదాకా నార్మల్ అనే రావొచ్చు.

అదే డైట్, నాలుగు మార్పులు

ఆ మెనూని పడేయకుండా ఎంతవరకు బాగుచేయొచ్చో చూశాం. ఓట్స్ బదులు ముప్ఫై గ్రాముల రాగిపిండితో జావ, అందులో నూటయాభై గ్రాముల పెరుగు చిలికి కలిపితే 285 మిల్లీగ్రాముల కాల్షియం. గ్రీన్ టీ బదులు పావు లీటరు టోన్డ్ పాలు, 300. బీన్స్ బదులు వంద గ్రాముల తోటకూర, మరో 300 దాకా. మూడు తెల్లసొనల బదులు రెండు పూర్తి గుడ్లు, 50. పుల్కాలు, పప్పు, కీరా, యాపిల్ అలాగే ఉంచితే మొత్తం వెయ్యి దాటుతుంది. ఆకుకూరల్లోది, రాగుల్లోది పాలల్లోదాని అంత బాగా ఒంటపట్టకపోవచ్చు, కానీ 175తో పోలిస్తే ఇది వేరే లోకం. పెరిగిన కాలరీలు మూడు వందల లోపే. ఇంకా అది డైటే, బరువు తగ్గుతూనే ఉంటుంది, కాస్త నెమ్మదిగా.

ఉప్పు మారిస్తే, పాలు, గుడ్లు చేరితే అయోడిన్ సమస్య దాదాపు తీరినట్టే. డీ కి మాత్రం గుడ్లతో 80 యూనిట్లే వస్తాయి, మిగతాది ఎండ లేదా డాక్టర్ చెప్పిన మందు.

జింక్ మాత్రం మొండిది. ఈ మార్పులతో 8 దాటుతుంది, అంతే. వారానికి రెండు మూడు రోజులు చికెనో మటనో తినేవాళ్ళకి సులువు. వంద గ్రాముల మటన్ లో 4 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అదీ బాగా ఒంటపడుతుంది. శాకాహారులు గుప్పెడు గుమ్మడి గింజలు, వేయించిన శనగలు చేర్చుకోవచ్చు. ఇంకో దారి ఫైటేట్ ని తగ్గించడం. పెసలు నానబెట్టి మొలకెత్తించినా, పిండి పులియబెట్టినా అది తగ్గుతుంది. డైట్ అనగానే అందరూ ముందు మానేసేది ఇడ్లీ. జింక్ వైపు నుంచి చూస్తే పులిసిన ఇడ్లీ, పులియని పుల్కా కంటే మేలే కావొచ్చు.

మాత్రల సంగతి

"ఇదంతా ఎందుకు, మాత్రలు వేసుకుంటే పోలా" అని మా సీనియరే అడిగాడు. పోతుంది, కానీ వీటికి పై హద్దులు కూడా ఉన్నాయి. మెడికల్ షాపుల్లో దొరికే జింక్ మాత్రల్లో కొన్నిట్లో 50 మిల్లీగ్రాములుంటుంది. రోజుకి 40 దాటి నెలల తరబడి వాడితే రాగి లోటు వస్తుంది, దాంతో రక్తహీనత, నరాల సమస్యలు. విటమిన్ డీ 60,000 యూనిట్లది వారానికొకటి చొప్పున కొన్ని వారాలు వేసుకోమని రాస్తారు. అది రోజూ వేసుకునేది అనుకుంటే రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, కిడ్నీ దెబ్బతినడం దాకా వెళుతుంది. సముద్రపు నాచుతో చేసే కెల్ప్ మాత్రల్లో అయోడిన్ ఎంతుందో ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది, ఎక్కువైనా థైరాయిడ్ పాడవుతుంది. కాల్షియం మాత్ర ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు దాటితే ఒంటికి పట్టే శాతం తగ్గుతుంది, కార్బోనేట్ రకమైతే తిన్నాక వేసుకోవాలి.

మొత్తం మీద టెస్టుల్లో డీ ది మాత్రం సూటిగా చెబుతుంది, టీఎస్‌హెచ్ సగం చెబుతుంది, మిగతా రెండూ చెప్పవు. ఆ రెండింటికీ మీరు తిన్నది కాగితం మీద రాసి కూడటమే టెస్ట్. మూడు నెలలు దాటిన డైట్ లో ఉన్నవాళ్ళు ఒక్క రోజు మెనూ రాసి, పక్కన కాల్షియం, జింక్ కి రెండు కాలమ్స్ గీసి, ఉప్పు ప్యాకెట్ ఒకసారి తిప్పి చూడండి. అరగంట పని. మా సీనియర్ కి ఇరవై నిమిషాలే పట్టింది. కాల్షియం కాలమ్ కింద కూడిన అంకె చూసి, ఆ సాయంత్రమే మెస్ లో పెరుగు అడిగి వేయించుకున్నాడు.